రేపటి డాలర్ ధర ఈరోజే ఎలా తేలుతుంది?

భీమవరం చుట్టుపక్కల రొయ్యలు శుద్ధి చేసి అమెరికాకు పంపే వ్యాపారికి డబ్బు డాలర్లలో వస్తుంది, అదీ సరుకు ఓడెక్కిన కొన్ని నెలలకు. రైతు దగ్గర కొన్న సరుకుకీ, మంచుకీ, కరెంటుకీ, కూలీలకీ మాత్రం ఈరోజే రూపాయల్లో చెల్లించాలి. ఈలోగా డాలర్ రేటు తగ్గితే లాభం కాస్తా ఆవిరైపోతుంది. ఆ భయం లేకుండా ఉండటానికి బ్యాంకులో ఫార్వర్డ్ కాంట్రాక్టు చేసుకుంటాడు. రాబోయే డాలర్లను ఫలానా తేదీన ఫలానా రేటుకు అమ్ముతానని ఇప్పుడే రాసిచ్చే ఒప్పందం అది.

బ్యాంకు చెప్పే రేటు చూడగానే చాలామందికి ఒక అనుమానం వస్తుంది. ఈరోజు డాలర్ 84 రూపాయలు అనుకుందాం. ఏడాది తర్వాతి డాలర్‌కి బ్యాంకు 85 రూపాయల 60 పైసలు ఇస్తానంటుంది. అంటే వచ్చే ఏడాదికి రూపాయి అంత పడిపోతుందని బ్యాంకు లెక్కగట్టిందా? వాళ్ళకి అంత నమ్మకం ఉంటే మనం ఇంకా ఆగితే ఇంకా ఎక్కువ వస్తుందేమో కదా?

బ్యాంకు అలాంటి లెక్కేమీ కట్టలేదు. ఆ 85.60లో రూపాయి భవిష్యత్తు గురించి ఎవరి అభిప్రాయమూ లేదు. అందులో ఉన్నవి మూడే అంకెలు: ఈరోజు డాలర్ ధర, మన దేశంలో ఏడాదికి రూపాయి మీద వడ్డీ, అమెరికాలో ఏడాదికి డాలర్ మీద వడ్డీ. ఈ మూడూ తెలిస్తే నాలుగోది తనంతట తనే తేలిపోతుంది. ఆర్థికశాస్త్రంలో దీన్ని కవర్డ్ ఇంటరెస్ట్ పారిటీ అంటారు. 1923లో జాన్ మేనార్డ్ కీన్స్ తన ద్రవ్య సంస్కరణ గ్రంథంలో దీన్ని విడమరిచి చెప్పాడు. అంతకుముందే లండన్, న్యూయార్క్ నగరాల్లో బ్యాంకులు దీని మీద వ్యాపారం చేస్తూనే ఉన్నాయి.

ఎలా తేలుతుందో చూద్దాం. ఇక్కడ వాడే వడ్డీ రేట్లు లెక్క సులువుగా ఉండేలా నేను ఎంచుకున్నవి: రూపాయి మీద ఏడాదికి 7 శాతం, డాలర్ మీద 5 శాతం. ప్రస్తుతానికి అప్పుకీ, డిపాజిట్‌కీ ఒకే వడ్డీ అనుకుందాం.

మన వ్యాపారికి సరిగ్గా ఏడాది తర్వాత 1,00,000 డాలర్లు రావాలి. ఫార్వర్డ్ కాంట్రాక్టు అనేదే లోకంలో లేదనుకోండి. అప్పుడైనా ఆయనకి ఒక దారి ఉంది. ఏడాదికి వడ్డీతో కలిపి సరిగ్గా 1,00,000 డాలర్లు అయ్యేటంత మొత్తాన్ని ఈరోజే డాలర్లలో అప్పు తీసుకోవచ్చు. 5 శాతం వడ్డీకి ఆ మొత్తం 95,238 డాలర్లు. చేతికొచ్చిన ఆ డాలర్లను వెంటనే 84 చొప్పున అమ్మేస్తే 80 లక్షల రూపాయలు. వాటిని 7 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాది చివర 85 లక్షల 60 వేలు. ఆరోజుకి అమెరికా నుంచి రొయ్యల డబ్బు 1,00,000 డాలర్లు వస్తుంది. దాంతో డాలర్ అప్పు వడ్డీతో సహా తీరిపోతుంది. చేతిలో మిగిలింది 85,60,000 రూపాయలు.

ఇప్పుడు జరిగినదాన్ని మళ్ళీ ఒకసారి గమనించండి. వ్యాపారి ఏడాది తర్వాతి 1,00,000 డాలర్లు వదులుకున్నాడు, ఏడాది తర్వాతి 85,60,000 రూపాయలు తీసుకున్నాడు. రేటు డాలర్‌కి 85 రూపాయల 60 పైసలు. పైగా ఆ రేటు ఈరోజే ఖాయమైపోయింది. ఏడాది పొడవునా డాలర్ ఎటు ఊగినా ఆయనకి ఒక్క పైసా తేడా రాదు. ఫార్వర్డ్ కాంట్రాక్టు చేసే పని అచ్చంగా ఇదే. అప్పు, అమ్మకం, డిపాజిట్ అనే మూడు అంగల్లో సాధించినదాన్ని ఆ కాంట్రాక్టు ఒక్క సంతకంతో సాధిస్తుంది. రెండు దారులూ ఒకే చోటికి చేరుస్తున్నప్పుడు రెండింటి ధరా ఒకటే కావాలి.

అటువైపు నుంచి కూడా సరిచూసుకోవచ్చు. కాకినాడ రేవుకి పామాయిల్ తెప్పించే దిగుమతిదారు ఏడాది తర్వాత 1,00,000 డాలర్లు కట్టాలి. ఆయన 80 లక్షల రూపాయలు 7 శాతానికి అప్పు తెచ్చి, 95,238 డాలర్లు కొని, 5 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 1,00,000 డాలర్లు సిద్ధం. తీర్చాల్సిన అప్పు 85,60,000 రూపాయలు. అమ్మేవాడికీ, కొనేవాడికీ ఒకటే ధర వచ్చింది. ఈ లెక్కనంతా ఒక వరుసలో పెడితే ఇలా ఉంటుంది:

ఫార్వర్డ్ రేటు = స్పాట్ రేటు × (1 + రూపాయి వడ్డీ) ÷ (1 + డాలర్ వడ్డీ)

84ని 1.07తో గుణించి 1.05తో భాగిస్తే 85.60. స్పాట్ అంటే ఈరోజు ధర. దానికీ ఫార్వర్డ్‌కీ ఉన్న 1 రూపాయి 60 పైసల తేడాని బజారులో ప్రీమియం అంటారు. డీలర్లు ఫార్వర్డ్ రేటు చెప్పేటప్పుడు మొత్తం ధర చెప్పరు, "నూట అరవై పైసలు" అని ప్రీమియం మాత్రమే చెబుతారు. స్పాట్ క్షణక్షణమూ మారుతుంది. వడ్డీల తేడా నిదానంగా మారుతుంది కాబట్టి ప్రీమియం కొంత నిలకడగా ఉంటుంది.

ఎక్కువ వడ్డీ ఉన్న కరెన్సీ ఫార్వర్డ్‌లో ఎప్పుడూ చవకగానే ఉంటుంది. లెక్క వేశాక సరిగ్గా వేశామో లేదో తెలుసుకోవడానికి ఇదే మొదటి పరీక్ష. రూపాయి వడ్డీ ఎక్కువైనా ఫార్వర్డ్ రేటు 84 కంటే తక్కువ వచ్చిందంటే, భాగహారంలో పైన ఉండాల్సింది కిందికీ కింద ఉండాల్సింది పైకీ వెళ్ళిందన్నమాట. 

సరే, ఆ ధర "కావాలి" అన్నాం. కాకపోతే ఏమవుతుంది?

ఏదో ఒక బ్యాంకు ఏడాది తర్వాతి డాలర్‌ని 86.50కి కొంటానని బోర్డు పెట్టిందనుకోండి. అప్పుడు రొయ్యలతో సంబంధం లేనివాడు కూడా రంగంలోకి దిగుతాడు. 80 లక్షల రూపాయలు అప్పు తెచ్చి, ఈరోజే డాలర్లు కొని, డిపాజిట్ చేసి, ఏడాదికి చేతికందే 1,00,000 డాలర్లను 86.50కి ఆ బ్యాంకుకి ఇప్పుడే ఫార్వర్డ్‌లో అమ్మేస్తాడు. ఏడాది చివర 86,50,000 రూపాయలు వస్తాయి. అప్పు 85,60,000 తీర్చేస్తాడు. మిగిలిన 90,000 రూపాయల్లో ఆయన సొంత పెట్టుబడి ఒక్క రూపాయి లేదు, డాలర్ రేటు మీద పందెమూ లేదు. నాలుగు ఒప్పందాలూ మొదటిరోజే ఖరారయ్యాయి.

అదే బ్యాంకు 85.00కి డాలర్లు అమ్ముతానంటే చక్రం తిరగేసి తిప్పాలి. 95,238 డాలర్లు అప్పు తెచ్చి, 80 లక్షల రూపాయలుగా మార్చి, డిపాజిట్ చేసి, ఏడాది తర్వాత కావలసిన 1,00,000 డాలర్లను 85.00కి ఇప్పుడే ఫార్వర్డ్‌లో కొనిపెట్టుకోవాలి. చివర 85,60,000 వస్తాయి, 85,00,000 పోతాయి. లాభం 60,000.

ఇలా రిస్కు లేకుండా ధరల తేడా మీద సంపాదించడాన్నే ఆర్బిట్రేజ్ అంటారు. ఇది ఎక్కువసేపు నిలవదు, కారణం ఆ లావాదేవీల్లోనే ఉంది. మొదటి ఉదాహరణలో అందరూ ఈరోజు డాలర్లు కొంటున్నారు, అందుకని స్పాట్ పెరుగుతుంది. అందరూ ఫార్వర్డ్‌లో డాలర్లు అమ్ముతున్నారు, అందుకని ఫార్వర్డ్ తగ్గుతుంది. అందరూ రూపాయలు అప్పు తెస్తున్నారు, డాలర్లు డిపాజిట్ చేస్తున్నారు, ఆ ఒత్తిడి కొంత వడ్డీల మీదా పడుతుంది. అయితే నాలుగింటిలోనూ సర్దుకునేది ఎక్కువగా ఫార్వర్డే. దేశం మొత్తం వడ్డీ రేట్లను కదిలించడం కంటే ఒక బ్యాంకు తన ఫార్వర్డ్ కొటేషన్‌ని దిద్దుకోవడం సులువు.

ఇంతవరకూ చెప్పింది కాగితం మీది లెక్క. బజారులో కొనే ధర వేరు, అమ్మే ధర వేరు. అప్పు వడ్డీ వేరు, డిపాజిట్ వడ్డీ వేరు. నిజమైన ఆర్బిట్రేజ్ ఉందో లేదో తేల్చాలంటే ఈ తేడాలన్నీ లెక్కలోకి రావాలి. పెద్ద బ్యాంకుకి డాలర్ కొనడానికి 84.01, అమ్మడానికి 83.99 అనుకుందాం. రూపాయి అప్పు 7.2 శాతం, డిపాజిట్ 6.8. డాలర్ అప్పు 5.2, డిపాజిట్ 4.8. ఇప్పుడు మొదటి చక్రాన్ని తిప్పాలంటే డాలర్‌ని 84.01కి కొనాలి, రూపాయిని 7.2కి అప్పు తేవాలి, డాలర్‌ని 4.8కే డిపాజిట్ చేయాలి. 84.01ని 1.072తో గుణించి 1.048తో భాగిస్తే 85.93. ఫార్వర్డ్ ధర 85.93 దాటితే తప్ప ఈ చక్రంలో లాభం లేదు. రెండో చక్రానికి 83.99ని 1.068తో గుణించి 1.052తో భాగించాలి. వచ్చేది 85.27. ఫార్వర్డ్ దాని కిందికి దిగితేనే లాభం.

అంటే 85.60 అనే ఒక్క చుక్క కాస్తా 85.27 నుంచి 85.93 దాకా ఒక పట్టీగా సాగింది. ఈ పట్టీలో ఎక్కడ ఉన్నా ఫార్వర్డ్ ధర సబబైనదే. బ్యాంకు 85.80 చెప్పిందని "ఇరవై పైసలు ఊరికే దొరుకుతున్నాయి" అనుకుంటే నష్టపోతాం. వ్యాపారికి ఈ పట్టీ ఇంకా వెడల్పుగా ఉంటుంది. బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే వడ్డీకి ఆయనకి అప్పు పుట్టదు కదా. అందుకే మామూలు వ్యాపారికి ఆర్బిట్రేజ్ లాభం దాదాపు ఎప్పుడూ దొరకదు. ఆయనకి ఈ లెక్క ఉపయోగపడేది బ్యాంకు చెప్పిన రేటు న్యాయంగా ఉందో లేదో కనిపెట్టడానికి.

ఆ పని చేసేటప్పుడు పొరపాట్లు జరిగేది చిన్నచిన్న చోట్ల. మూడు నెలల ఫార్వర్డ్ రేటు కట్టడానికి ఏడాది డిపాజిట్ వడ్డీ వాడేస్తారు. ఒకవైపు రిజర్వ్ బ్యాంకు రెపో రేటు, మరోవైపు అమెరికా బ్యాంకు అప్పు రేటు తీసుకుంటారు. రెండు వడ్డీలూ ఒకే గడువువి, ఒకే రకమైన నమ్మకం ఉన్నవి అయితేనే పోలిక నిలుస్తుంది. ఇంకొకటి రోజుల లెక్క. రూపాయి వడ్డీకి ఏడాది అంటే 365 రోజులు. డాలర్ డబ్బు బజారులో 360 రోజులే. 90 రోజుల ఫార్వర్డ్‌కి రూపాయి వడ్డీ 7 శాతాన్ని 90/365తో గుణిస్తే 1.726 శాతం. డాలర్ వడ్డీ 5 శాతాన్ని 90/360తో గుణిస్తే 1.25 శాతం. ఫార్వర్డ్ రేటు 84.395 వస్తుంది, అంటే ప్రీమియం ముప్పైతొమ్మిదిన్నర పైసలు. రెండింటికీ 365 వాడితే దాదాపు నలభై ఒక్క పైసలు వస్తుంది. ఒక్కో డాలర్‌కి పైసన్నర తేడా. 10 లక్షల డాలర్ల మీద పద్నాలుగు వేల రూపాయలకి పైనే. లెక్కలో ఏడాదికి ఒక శాతం "ఉచిత లాభం" కనిపిస్తే, సంతోషించేముందు ఈ అంకెలన్నీ మళ్ళీ చూసుకోవాలి. తప్పు బజారులో కంటే మన కాగితంలోనే ఉండే అవకాశం చాలా ఎక్కువ.

వ్యాపారికి ఈ సూత్రం ఎక్కువగా పనికొచ్చే చోటు వేరే ఉందని నా అభిప్రాయం. ఎగుమతిదారులకి సరుకు పంపకముందే బ్యాంకులు పెట్టుబడి అప్పు ఇస్తాయి, దాన్ని ప్యాకింగ్ క్రెడిట్ అంటారు. రూపాయల్లో కావాలంటే రూపాయల్లో, డాలర్లలో కావాలంటే డాలర్లలో తీసుకోవచ్చు. రూపాయి అప్పు 9 శాతం, డాలర్ అప్పు ఆరున్నర శాతం అని బ్యాంకు మేనేజరు చెబితే, రెండున్నర శాతం కలిసొచ్చినట్టే అనిపిస్తుంది. అలా అనుకుని డాలర్ అప్పు వైపు మొగ్గేవాళ్ళు ఎందరో.

ఆ అప్పు తీసుకున్న వ్యాపారి డాలర్లను ఈరోజే అమ్మి రూపాయలు చేసుకుంటాడు, రేపు వచ్చే ఎగుమతి డాలర్లతో అప్పు తీరుస్తాడు. అంటే రేపటి డాలర్లను ఈరోజు స్పాట్ రేటుకే అమ్మేసినట్టు. రూపాయి అప్పు తీసుకుని ఉంటే అవే డాలర్లను ఫార్వర్డ్‌లో ప్రీమియంతో అమ్ముకునేవాడు. ఆ ప్రీమియం ఇప్పుడు పోయింది. కాబట్టి డాలర్ అప్పు అసలు ఖర్చు ఆరున్నర శాతం కాదు, దానికి ప్రీమియం కలపాలి. బజారులో ఏడాది ఫార్వర్డ్ 85.40 ఉందనుకుందాం. 85.40ని 84తో భాగిస్తే 1.01667, అంటే ప్రీమియం 1.67 శాతం. దాన్ని 1.065తో గుణిస్తే 1.0827. రూపాయల్లో చూస్తే డాలర్ అప్పు ఖర్చు సుమారు 8.27 శాతం. 9 శాతం కంటే ఇప్పటికీ చవకే. అయితే మిగిలేది ముప్పాతిక శాతం లోపు, రెండున్నర కాదు. ప్రీమియం 3 శాతం ఉన్న రోజుల్లో ఇదే లెక్క వేస్తే 9.7 శాతం వస్తుంది. అప్పుడు రూపాయి అప్పే మేలు. ఈ ఒక్క గుణకారం చేయకుండా డాలర్ అప్పు కాగితాల మీద సంతకం చేయకూడదని ప్రతి చిన్న ఎగుమతిదారుకీ గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

డీలర్లు కూడా ఈ సూత్రాన్ని ఇలా వెనకనుంచే ఎక్కువగా చదువుతారు. స్పాట్ 84, ఫార్వర్డ్ 85.40, డాలర్ వడ్డీ 5 శాతం తెలిస్తే, 1.01667ని 1.05తో గుణించి 1.0675 అంటారు. ఫార్వర్డ్ బజారు ప్రకారం రూపాయి వడ్డీ 6.75 శాతం అన్నమాట. ఈ రకంగా ఫార్వర్డ్ ప్రీమియం నుంచి రాబట్టిన రూపాయి వడ్డీకి ముంబై బజారులో మైఫర్ అని పేరు. మనం మొదట తీసుకున్న 7 శాతానికీ దీనికీ పావు శాతం తేడా ఉంది. స్వేచ్ఛగా డబ్బు అటూ ఇటూ పారే దేశాల్లో ఇంత తేడా కనిపిస్తే బ్యాంకులు ఊరుకోవు. మన దేశంలో మాత్రం ఎవరు పడితే వాళ్ళు విదేశాల్లో డాలర్ అప్పు తెచ్చి ఇక్కడ పెట్టడానికి వీల్లేదు. ఎవరు తేవచ్చు, ఎంత తేవచ్చు, ఎన్నేళ్ళకి అనేది నిబంధనలు నిర్ణయిస్తాయి. చక్రంలో ఒక ఆకు బిగుసుకుపోతే చక్రం తిరగదు, తేడా అలాగే ఉండిపోతుంది.

నిబంధనలు లేని చోట కూడా ఈ సమీకరణం పూర్తిగా నిలవలేదు. కీన్స్ తన కాలంలోనే గమనించాడు: ఏడాదికి అర శాతం లాభం కనిపిస్తే తప్ప ఆర్బిట్రేజ్ చేసే డబ్బు కదలదని. ఆ తర్వాతి కాలంలో టెలిఫోన్లూ, కంప్యూటర్లూ వచ్చి ఆ తేడా కరిగిపోయింది. 2007 వరకూ పెద్ద కరెన్సీల మధ్య అది లేనట్టే ఉండేది. 2008లో లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు డాలర్ అప్పు ఎవరికీ పుట్టక తేడా ఒక్కసారిగా పెరిగింది. విచిత్రమేమంటే, సంక్షోభం పోయాక కూడా యూరో, యెన్ వంటి కరెన్సీల్లో తేడా పూర్తిగా పోలేదు. ఆర్బిట్రేజ్‌లో రిస్కు లేకపోవచ్చు, ఆ అప్పూ ఆ డిపాజిట్టూ మాత్రం బ్యాంకు పద్దుల్లో చోటు తీసుకుంటాయి. ఆ పద్దుల సైజుకి తగ్గ సొంత మూలధనం ఉంచాలని సంక్షోభం తర్వాత నిబంధనలు బిగించారు. త్రైమాసికం చివర పద్దులు చూపించాల్సిన రోజుల్లో తేడా మరీ పెరగడాన్ని పరిశోధకులు పట్టుకున్నారు. కారణం ఏమిటో ఆ తేదీలే చెబుతున్నాయి.

ఇక మన దేశంలో ఈ సమీకరణాన్ని ప్రభుత్వ సంస్థే కావాలని వంచిన సందర్భం ఒకటుంది. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళలో చాలామందికి అది గుర్తుండే ఉంటుంది.

2013 వేసవిలో అమెరికా కేంద్ర బ్యాంకు తన బాండ్ల కొనుగోళ్ళు తగ్గిస్తుందన్న వార్తతో మన దేశం నుంచి డాలర్లు వెళ్ళిపోవడం మొదలైంది. రూపాయిని నిలబెట్టడానికి జూలైలో రిజర్వ్ బ్యాంకు స్వల్పకాలిక వడ్డీని పెంచింది, బ్యాంకులకి అత్యవసరంగా ఇచ్చే అప్పు మీద 10.25 శాతం పెట్టింది. అప్పటికి అమెరికాలో కీలక వడ్డీ దాదాపు సున్నా. మన సూత్రంలో ఈ రెండు అంకెలూ పెట్టి చూస్తే ఫార్వర్డ్ ప్రీమియం ఎందుకు ఆకాశానికి ఎగబాకిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆగస్టు చివర డాలర్ 68 రూపాయలు దాటింది. సెప్టెంబరు 4న రఘురామ్ రాజన్ గవర్నరుగా బాధ్యతలు తీసుకున్నారు, అదేరోజు ఒక పథకం ప్రకటించారు.

ప్రవాస భారతీయులు మన బ్యాంకుల్లో డాలర్లలోనే పెట్టుకునే డిపాజిట్లను ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్లు అంటారు. డాలర్లలో వేస్తారు, డాలర్లలోనే వడ్డీతో తీసుకుంటారు. మారకపు రిస్కు బ్యాంకుది. బ్యాంకు ఆ డాలర్లను రూపాయలుగా మార్చి అప్పులివ్వాలంటే, తిరిగి కట్టడానికి డాలర్లను ఫార్వర్డ్‌లో కొనిపెట్టుకోవాలి. ఆ ఖర్చు అప్పుడు బజారులో ఏడాదికి సుమారు 6 నుంచి 7 శాతం. డిపాజిటుదారుకి డాలర్ వడ్డీ నాలుగున్నర శాతం ఇచ్చారనుకుంటే, రూపాయల్లో బ్యాంకుకి పడే ఖర్చు 11 శాతం దాకా వస్తుంది. అంత పెట్టి డిపాజిట్లు తెచ్చుకుంటే బ్యాంకుకి మిగిలేదేమీ లేదు. పారిటీ సూత్రం చెప్పేదీ అదే, ఇందులో లాభం ఉండకూడదని.

రిజర్వ్ బ్యాంకు చేసిందల్లా ఆ ఒక్క అంకె మార్చడం. మూడేళ్ళు, అంతకుమించిన గడువుతో కొత్తగా వచ్చే ఈ డిపాజిట్ల డాలర్లను మాకివ్వండి, రూపాయలు తీసుకోండి, గడువు తీరాక ఏడాదికి 3.5 శాతం ప్రీమియంతోనే డాలర్లు తిరిగిస్తాం అంది. బ్యాంకు ఖర్చు ఒక్కసారిగా 8 శాతం దగ్గరికి దిగింది. మన రెండో చక్రం ఇదే: ఫార్వర్డ్‌లో డాలర్ ఉండాల్సినదానికంటే చవకగా దొరుకుతోంది కాబట్టి, డాలర్లు అప్పు తెచ్చి, రూపాయలు చేసి, ఫార్వర్డ్‌లో చవకగా తిరిగి కొనుక్కోవడం. ఆ చక్రం తిరిగినకొద్దీ దేశంలోకి డాలర్లు వస్తాయి. రాజన్‌కి కావలసిందీ అదే.

విదేశీ బ్యాంకులు అక్కడి ప్రవాసులకి అప్పులిచ్చి మరీ ఈ డిపాజిట్లు చేయించాయి. సొంత డబ్బు 10 డాలర్లు, దాని మీద 90 డాలర్లు 3 శాతానికి అప్పు, మొత్తం 100 డాలర్లు నాలుగున్నర శాతానికి డిపాజిట్ అనుకోండి. ఏడాదికి 4 డాలర్ల 50 సెంట్లు వస్తే 2 డాలర్ల 70 సెంట్లు అప్పు వడ్డీకి పోతాయి. మిగిలిన 1 డాలర్ 80 సెంట్లు సొంత డబ్బు 10 డాలర్ల మీద 18 శాతం. అందుకే డబ్బు అంతగా పోటెత్తింది. నవంబరు 30న కిటికీ మూసేసేసరికి ఈ డిపాజిట్ల ద్వారా సుమారు 26 బిలియన్ డాలర్లు వచ్చాయి. బ్యాంకులు విదేశాల్లో తెచ్చుకున్న అప్పులకిచ్చిన మరో రాయితీని కలిపితే మొత్తం 34 బిలియన్లు.

తేడా తెరిచి ఉంచితే ఆర్బిట్రేజ్ దాన్ని తినేస్తుంది, అందుకే ఈ పథకానికి గట్టి గోడలు కట్టారు. కొత్త డిపాజిట్లకే, మూడేళ్ళకి తగ్గకుండా, కొద్ది వారాల గడువులోనే. ఆ గోడలు లేకపోతే ఎంత డబ్బు వచ్చిపడేదో, రిజర్వ్ బ్యాంకు ఎంత భారం మోయాల్సి వచ్చేదో ఎవరూ అంచనా కట్టలేరు.

అది ప్రజల డబ్బుతో ఇచ్చిన సబ్సిడీ అని అప్పట్లో విమర్శలు వచ్చాయి. ఒప్పందం కుదిరిన రోజు లెక్కన ఆ మాట నిజమే: బజారులో ఆరున్నర శాతం పలికేదాన్ని మూడున్నరకి ఇచ్చారు. డాలర్ 62 ఉన్నప్పుడు ఒప్పందం జరిగిందనుకుంటే, ఏడాదికి ఆరున్నర చొప్పున మూడేళ్ళ ఫార్వర్డ్ దాదాపు 75 రూపాయలు. మూడున్నర చొప్పున రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ధర 68 రూపాయల 74 పైసలు. ఆ డిపాజిట్లు 2016 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా గడువు తీరి డాలర్లుగా వెనక్కి వెళ్ళాయి. ఆ నెలల్లో బజారులో డాలర్ ధర 66, 69 రూపాయల మధ్యే తిరిగింది.